మలేరియా మాత్రలు… మూడో రోజూ ఎందుకు వేసుకోవాలి?

రక్తపరీక్షలో ఫాల్సిపారం మలేరియా అని తేలితే మూడు రోజులకు మాత్రలు రాసిస్తాం. చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. చలి, వణుకు ఆగిపోతాయి. చిక్కు అక్కడే మొదలవుతుంది. ‘తగ్గిపోయింది కదా, ఇంకా ఈ మందులెందుకు?’ అనుకుని మూడో రోజు మాత్రలు పక్కన పెట్టేస్తారు. అలాంటివారిలో కొందరు రెండు మూడు వారాలకు మళ్లీ జ్వరంతో వస్తారు. మందు పనిచేయలేదేమోనని అడుగుతారు. ఈ మందు మలేరియా క్రిమిని ఎలా చంపుతుందో తెలిస్తే, మూడో రోజు మాత్ర విలువ ఏమిటో మీకే అర్థమవుతుంది.

క్రిమి తిండిలోనే దానికి చావు

మీ మాత్రల అట్ట మీద ఆర్టెసునేట్ అనో, ఆర్టెమెథర్ అనో పేరు కనిపిస్తుంది. ఈ రెండూ ఆర్టెమిసినిన్ అనే పదార్థం నుంచి తయారైనవే. అది ఆర్టెమీసియా ఆన్యువా అనే మొక్క ఆకుల్లో ఉంటుంది.

మలేరియా క్రిమి మన ఎర్రరక్తకణంలోకి దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తింటూ పెరుగుతుంది. ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా అరిగించుకుంటుంది. అందులోని ప్రోటీన్ దానికి ఆహారం. అయితే హిమోగ్లోబిన్‌లో ‘హీమ్’ అనే ఇనుముతో కూడిన భాగమూ ఉంటుంది. ప్రోటీన్‌ను కొరుక్కుతిన్నాక ఈ హీమ్ బయటపడుతుంది. అది క్రిమికి విషం. అందుకే క్రిమి దాన్ని గట్టి స్ఫటికాలుగా మార్చి తనలోనే ఒక మూల పోగేస్తుంది. మైక్రోస్కోపు కింద గోధుమ రంగు చుక్కల్లా కనిపించేవి ఇవే.

ఆర్టెమిసినిన్ సరిగ్గా ఇక్కడే దెబ్బకొడుతుంది. దాని అణువులో రెండు ఆక్సిజన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనలా ఉంటాయి. దీన్ని పెరాక్సైడ్ వంతెన అంటారు. హీమ్‌లోని ఇనుము తగలగానే ఆ వంతెన తెగిపోతుంది. అప్పుడు పుట్టేవే ఫ్రీ రాడికల్స్. వీటిలో జత లేని ఎలక్ట్రాన్ ఉంటుంది. అందుకే అవి నిలకడగా ఉండలేక పక్కన ఏది దొరికితే దానికి అతుక్కుంటాయి. క్రిమిలోని వందకు పైగా ప్రోటీన్లకు, చివరికి హీమ్‌కు కూడా అతుక్కుని వాటిని పనికిరాకుండా చేస్తాయి. ఒకేసారి ఇన్నిచోట్ల దెబ్బ తగిలితే క్రిమి తట్టుకోలేదు.

దీనికి రెండు రుజువులు చెప్పుకోవచ్చు. వంతెనలోని ఒక ఆక్సిజన్‌ను తీసేస్తే, మిగతా అణువంతా అలాగే ఉన్నా మందు శక్తి పోతుంది. అలాగే ప్రయోగశాలలో క్రిమి హిమోగ్లోబిన్‌ను అరిగించుకోకుండా అడ్డుకుంటే, దానిపై ఆర్టెమిసినిన్ ప్రభావం బాగా తగ్గిపోతుంది.

మరి మన రక్తానికి ప్రమాదం లేదా?

మన రక్తంలోనూ ఇనుము ఉంది కదా అన్న సందేహం సహజమే. మామూలు ఎర్రరక్తకణంలో హీమ్ హిమోగ్లోబిన్ మడతల్లో భద్రంగా ఇమిడి ఉంటుంది. దాన్ని విడగొట్టేది క్రిమే. కాబట్టి మందు ఎక్కువగా క్రిమి ఉన్న కణంలోనే చురుకవుతుంది. అయితే తీవ్రమైన మలేరియాకు ఆర్టెసునేట్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో కొందరికి, కోలుకున్నాక ఒకటి నుంచి మూడు వారాల మధ్య ఎర్రరక్తకణాలు విచ్ఛిన్నమై రక్తం తగ్గవచ్చు. అందుకే వారికి నాలుగు వారాల పాటు వారానికోసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించమంటాం.

లెక్క వేసి చూద్దాం

ఒక పెద్దవారిలో నూటికి ఒక ఎర్రరక్తకణంలో క్రిమి ఉందనుకోండి. ఒంట్లో ఉన్న సుమారు 5 లీటర్ల రక్తానికి లెక్కగడితే దాదాపు 25 వేల కోట్ల క్రిములు. ఫాల్సిపారం క్రిమి కణంలోకి దూరి, పెరిగి, పిల్లలు పెట్టి బయటకు రావడానికి 48 గంటలు పడుతుంది. ఇలాంటి ఒక్కో విడతలో ఆర్టెమిసినిన్ మందులు క్రిముల సంఖ్యను సుమారు పదివేల రెట్లు తగ్గిస్తాయి. మలేరియా మందుల్లో ఇంత వేగం ఉన్నవి వేరే లేవు.

మొదటి విడత పూర్తయ్యేసరికి 25 వేల కోట్లు రెండున్నర కోట్లకు దిగుతాయి. జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. రోగి ‘తగ్గింది’ అనుకునేది ఇక్కడే. కానీ అప్పటికీ ఒంట్లో కోట్లలో క్రిములున్నాయి. మూడో రోజు మాత్రలు రెండో విడత క్రిములను పట్టుకుంటాయి. అప్పుడు మిగిలేవి సుమారు రెండున్నర వేలు.

ఆ మిగిలినవాటి సంగతేంటి? ఆర్టెసునేట్ ఒంట్లో చురుకైన రూపంలోకి మారి, సుమారు గంటకు సగం చొప్పున కరిగిపోతుంది. కొద్ది గంటల్లో దాని జాడే ఉండదు. అందుకే దానికి తోడుగా, రక్తంలో రోజుల తరబడి నిలిచే మరో మందు కలిపి ఇస్తాం. సల్ఫడాక్సిన్-పైరిమెథమిన్, ల్యూమెఫాంట్రిన్ అలాంటివే. మొదటిది వేగంగా నరికే కత్తి అయితే, రెండోది మిగిలినవాటిని ఏరివేసే కాపలాదారు. ఆర్టెమిసినిన్ మాత్రను ఒంటరిగా వాడొద్దనేది ఇందుకే.

క్రిమి తప్పించుకునే దారి

2008 తర్వాత పశ్చిమ కంబోడియాలో ఈ మందుకు క్రిములు నెమ్మదిగా తగ్గుతున్నట్టు గుర్తించారు. వాటిలో కెల్చ్-13 అనే జన్యువు మారిపోయింది. ఈ మార్పు ఉన్న క్రిమి కణంలోకి దూరిన తొలి గంటల్లో హిమోగ్లోబిన్‌ను తక్కువగా లోపలికి తీసుకుంటుంది. తిండి తగ్గితే హీమ్ తగ్గుతుంది. హీమ్ తగ్గితే మందు చురుకవదు. మందు కరిగిపోయేదాకా ఉపవాసం ఉండి, ఆ తర్వాత మేల్కొంటుందన్నమాట. ఇలాంటి క్రిములు ఆ తర్వాత రువాండా, ఉగాండాల్లోనూ బయటపడ్డాయి. చికిత్స మొదలుపెట్టిన మూడో రోజున కూడా రక్తపు చుక్కలో క్రిములు కనిపిస్తే వైద్యులు దీన్ని అనుమానిస్తారు. అరకొర మోతాదు వేసుకుంటే మిగిలేవి తట్టుకోగలిగిన క్రిములే. దోమ ద్వారా పక్కింటికి చేరేదీ అవే.

దవనం, మాచిపత్రి పనికొస్తాయా?

పూలదండల్లో కట్టే దవనం, వినాయకచవితి పత్రిలో వాడే మాచిపత్రి కూడా ఆర్టెమీసియా జాతివే. అలాగని వాటి కషాయం మలేరియాకు మందు కాదు. అసలు మొక్కతో కాచిన టీని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. అందులో మందు ఎంత దిగుతుందో చెప్పలేం. పైగా వేడికి ఆ పెరాక్సైడ్ వంతెన దెబ్బతినవచ్చు. చైనా శాస్త్రవేత్త టు యుయు బృందానికి దారి చూపింది కూడా ఈ విషయమే. ఆకును మరిగించకుండా నీళ్లలో నానబెట్టి పిండుకోవాలని నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హాంగ్ రాసింది చదివాకే, ఆమె తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీశారు. 1971లో ఆ సారం ఎలుకల్లో మలేరియాను పూర్తిగా తగ్గించింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇవి గుర్తుంచుకోండి

- జ్వరం తగ్గినా మూడు రోజుల మాత్రలూ పూర్తి చేయండి. మిగిల్చి మరొకరికి ఇవ్వొద్దు.
- వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే వైద్యుడికి చెప్పి ఆ మోతాదు మళ్లీ వేసుకోండి.
- ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ ఇస్తే పాలతోనో, కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతోనో తీసుకోండి. ల్యూమెఫాంట్రిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి.
- గర్భిణి అయితే మాత్రలు మొదలుపెట్టక ముందే ఆ సంగతి చెప్పండి.
- మగత, ఫిట్స్, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం కనిపిస్తే మాత్రలతో ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు ఇంజెక్షన్ అవసరం.
- చికిత్స పూర్తయ్యాక నాలుగు వారాల్లోపు మళ్లీ జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించుకోండి. పాత చీటీ చూపించి అవే మాత్రలు కొనుక్కోవద్దు.