నాన్న పోస్టులో నాన్నే లేరు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు ఫోన్లలో హోరెత్తుతాయి. అది గిడుగు రామమూర్తి పుట్టినరోజు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషికి ఈమధ్య వస్తున్న నివాళులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ‘ఆయన కేవలం ఒక పండితుడు మాత్రమే కాదు, ఒక ఉద్యమం’ అని మొదలై, ‘సేవలు, త్యాగం మరియు అంకితభావం’ మీదుగా సాగి, ‘స్ఫూర్తిగా తీసుకుని ముందుకు సాగుదాం’ దగ్గర ఆగుతాయి. అక్షరదోషం ఒక్కటి ఉండదు. ఆ వాక్యాలను నోటితో పలికిన మనిషి కూడా ఎవరూ ఉండరు.

ఏఐతో రాయించి అలాగే అతికించేసిన రాతను ఇప్పుడు చాలామంది రెండో వాక్యానికే పసిగడుతున్నారు. రాయించుకున్నవారికీ ఏదో తేడా తెలుస్తూనే ఉంటుంది. దాన్ని ఎలా సరిచేయాలో మాత్రం తోచదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన తండ్రి గురించి ఒక కూతురు నాలుగు మాటలు రాయాలనుకుంది. ఏఐని అడిగితే వచ్చింది ఇదీ:

‘32 ఏళ్ల సుదీర్ఘ ప్రయాణంలో మా నాన్నగారు కేవలం ఒక డ్రైవర్ మాత్రమే కాదు, వేలాది ప్రయాణికుల నమ్మకానికి ప్రతీక. ఆయన క్రమశిక్షణ, నిబద్ధత మరియు అంకితభావం మాకు ఎల్లప్పుడూ స్ఫూర్తిదాయకం. ఆయన జీవితంలోని ఈ కొత్త అధ్యాయం ఆనందంతో నిండి ఉండాలని కోరుకుంటున్నాను.’

ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే ‘డ్రైవర్’ కొట్టేసి ‘టీచర్’ అని, ‘ప్రయాణికులు’ కొట్టేసి ‘విద్యార్థులు’ అని పెట్టి చూడండి. పోస్టు ఎక్కడా చెదరదు. బ్యాంకు మేనేజరుకైనా, పోస్టుమాస్టరుకైనా చక్కగా సరిపోతుంది. అంటే ఈ తండ్రి గురించి ఇందులో ఉన్నది ‘32 ఏళ్లు’ అన్న ఒక్క అంకే. అదీ కూతురు చెప్పిందే.

దీనికి కారణం ఆ యంత్రం పనిచేసే తీరులోనే ఉంది. అంతవరకు వచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో లెక్కగట్టి అది రాస్తుంది. పదవీ విరమణ అనగానే లక్షల రాతల్లో కనిపించేది ‘అంకితభావం’. ఒక ఇంట్లో మాత్రమే జరిగిన సంగతి దానికి తెలియదు, ఊహించడానికి ఆధారమూ లేదు. కాబట్టి అందరికీ సరిపోయేదే ఇస్తుంది.

ఈ మూస తెలుగుకే పరిమితం కాదు. ఇంగ్లిష్ వైద్యపరిశోధన వ్యాసాల్లో ‘డెల్వ్’ లాంటి కొన్ని మాటలు చాట్‌జీపీటీ వచ్చాక ఒక్కసారిగా పెరిగిపోవడం పరిశోధకుల కంటపడింది. ఆ పెరుగుదలను బట్టి, 2024లో పబ్‌మెడ్‌లో చేరిన వ్యాసాల సారాంశాల్లో కనీసం 13.5 శాతం వాటిమీద యంత్రం చెయ్యి పడిందని వారు లెక్కతేల్చారు.

మళ్లీ డ్రైవరుగారి దగ్గరికి వద్దాం. ఇలాంటప్పుడు చాలామంది మొదట చేసేది మాటలు మార్చడం. ‘అంకితభావం’ తీసి ‘కష్టపడే గుణం’ అంటారు, ‘స్ఫూర్తిదాయకం’ తీసి ‘ఆదర్శం’ అంటారు. మనిషి రాసినట్టు మార్చి ఇస్తామనే యాప్‌లు చాలావరకు చేసేదీ ఈ పనే. శవానికి చొక్కా మార్చినట్టుంటుంది. ఇంకొందరు కావాలని రెండు అక్షరదోషాలు పెడతారు, మధ్యలో ‘మామా’ అని ఇరికిస్తారు. అది మరీ కృతకం. కొసరుగా బ్రేకులు ఫెయిలైన రాత్రి యాభైమందిని కాపాడిన కథొకటి అల్లితే డిపోలో నవ్వులపాలు కావడం ఖాయం.

మరి చేయాల్సిందేమిటి? ఇంకెవరికైనా సరిపోయే వాక్యాలన్నీ ముందు కొట్టేయాలి. ఈ పోస్టులో ఆ లెక్కన మిగిలేది దాదాపు ఏమీ లేదు. ఖాళీ పేజీ చూసి కంగారుపడక్కర్లేదు. ‘క్రమశిక్షణ’ అని ఉన్నచోట, అది ఎప్పుడు కనిపించింది, ఎవరు చూశారు అని అడగాలి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఈ ప్రశ్నలు అడిగించుకుంటే ఇంకా మంచిది. రాతలో రాని సంగతులు నోట ఇట్టే వస్తాయి. సంక్రాంతికి నాన్న ఇంట్లో ఉండేవారా? ఆయన బట్టలు ఎవరు ఉతికేవారు? ఇప్పుడు రోజంతా ఏం చేస్తున్నారు? ఆ జవాబులతో పోస్టు ఇలా తయారైంది:

‘మా నాన్న మొన్న రిటైరయ్యారు. 32 ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరు. సంక్రాంతికి అందరి నాన్నలూ ఇంటికొస్తే, మా నాన్న వాళ్లని దింపడానికి వెళ్లేవారు. స్పెషల్ బస్సులు కదా. నాకు గుర్తున్నంతలో భోగిమంట ఆయనతో కలిసి వేసింది రెండుసార్లే. డీజిల్ వాసన మిగతావాటికి అంటుతుందని ఆయన ఖాకీ బట్టలు అమ్మ వేరే బకెట్లో నానబెట్టేది. ఇప్పటికీ అన్నయ్య కారు నడుపుతుంటే పక్క సీట్లో నాన్న కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. వచ్చే భోగికి ఇంట్లోనే ఉంటారట. అమ్మ ఇంకా నమ్మలేదు.’

పొగడ్త ఒక్కటీ లేదు. అయినా ఆయన ఎలాంటి మనిషో, కూతురికి ఆయనంటే ఏమిటో తెలిసిపోతోంది. ఈ పోస్టును ఏ టీచరుకీ మార్చి వాడుకోలేం.

సంగతులతో పాటు వాక్యం నడకా మారింది. ‘కదా’, ‘రెండుసార్లే’లోని ‘ఏ’, ‘ఉంటారట’లోని ‘అట’ పూచికపుల్లలంత మాటలు. చెబుతున్నది ఎవరో, ఎంతవరకు నమ్ముతున్నారో తెలుగులో వీటివల్లే తెలుస్తుంది. ‘ఇంట్లోనే ఉంటారు’ అంటే సమాచారం. ‘ఉంటారట’ అంటే నాన్న చెప్పిన మాటను కూతురు కాస్త అనుమానంగా మనకు చేరవేయడం. యంత్రం రాతలో మొదట ఎగిరిపోయేవి ఇవే.

చేరేవి మరికొన్ని. ఇంగ్లిష్ ‘అండ్’కి ‘మరియు’ వస్తుంది. మన నోట ‘అమ్మా నాన్నా’, ‘పాలూ పెరుగూ’ అని చివరి అచ్చు సాగితే చాలు. ‘ఆయన గొప్ప అనుభవాన్ని కలిగి ఉన్నారు’ అనేది ‘ఆయనకి చాలా అనుభవం ఉంది’ అయితే సరి. ‘సన్మానం చేయబడింది’ అని పెళ్లిలో ఎవరితోనైనా అని చూడండి, మన ముఖంలోకి చూస్తారు. ‘సన్మానం చేశారు’ అంటే పనైపోతుంది. వాక్యానికోసారి ‘ఆయన’, ‘ఇది’ అని చెప్పనక్కర్లేదు, చాలాచోట్ల క్రియే ఆ సంగతి చెప్పేస్తుంది. పోస్టును ఒకసారి పైకి చదివితే ఇవన్నీ వాటంతటవే నాలుకకు తగులుతాయి.

ఇవి కనిపించినంత మాత్రాన రాసింది యంత్రమేనని తేల్చేయడానికి వీల్లేదు. ‘చేయబడును’, ‘తెలియజేయడమైనది’ మన ఆఫీసు నోటీసుల్లో కంప్యూటర్లు రాకముందు నుంచే ఉన్నాయి. పట్టుకునే పరికరాలనూ నమ్ముకోలేం. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే తాను తెచ్చిన గుర్తింపు పరికరాన్ని, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అలాంటి పరికరాలకు ఇంగ్లిష్ మాతృభాష కానివారు పరీక్షల్లో రాసిన వ్యాసాలు ఇచ్చి చూస్తే, సగానికి పైగా యంత్రం రాసినవేనని తప్పుగా చెప్పాయి. సొంతంగా కష్టపడి రాసినవారే దోషులయ్యారు.

యంత్రాన్ని అసలు వాడకూడదనేమీ లేదు. కుడికాలు బ్రేకు తొక్కే సంగతి ముందే చెప్పి రాయమంటే అదీ రాస్తుంది. కాకపోతే చివర్లో ‘ఆ కాలు ఆయన బాధ్యతకు ప్రతీక’ అని ఓ వాక్యం తగిలించకుండా ఊరుకోదు. దాన్ని కొట్టేయాలి.