నూటికి నూరు వస్తే చివరి ర్యాంకు

ఒక స్కూలు వెబ్‌సైటులో ర్యాంకుల పట్టిక పెట్టాలనుకుందాం. ప్రోగ్రామరు జావాస్క్రిప్ట్‌లో నాలుగు మార్కులు వేసి పరీక్షిస్తాడు: 45, 78, 62, 91. వాటిని `sort()` చేసి, పెద్దవి పైకి రావడానికి తిరగేస్తాడు. 91, 78, 62, 45 అని చక్కగా వస్తుంది. పని అయిపోయిందనుకుంటాడు. అసలు ఫలితాలు వచ్చిన రోజున మాత్రం నూటికి నూరు తెచ్చుకున్న అమ్మాయి పట్టికలో అట్టడుగున ఉంటుంది, తొమ్మిది మార్కుల అబ్బాయి రెండో ర్యాంకులో కనిపిస్తాడు. తెర మీద ఎర్ర అక్షరాల్లో హెచ్చరికేమీ రాదు.

```
[45, 100, 9, 78, 95].sort()
// [100, 45, 78, 9, 95]
```

దీన్ని తిరగేస్తే 95, 9, 78, 45, 100. బ్రౌజరు పొరబడిందా అంటే, లేదు. భాషా ప్రమాణం ఎలా చెయ్యమందో అలాగే చేసింది. ఎలా పోల్చాలో విడిగా చెప్పకపోతే, జావాస్క్రిప్ట్ ప్రతి అంశాన్నీ ముందు అక్షరాల వరుసగా మార్చుకుని, ఆ తర్వాతే పోలుస్తుంది. 100 అనే సంఖ్య అక్కడ వంద కాదు. ఒకటి, సున్న, సున్న అనే మూడు గుర్తులు. నిఘంటువులో పదాలను చూసినట్టే ఎడమ నుంచి ఒక్కో గుర్తునూ చూసుకుంటూ వెళ్తుంది. '100', '95' ఎదురైనప్పుడు మొదటి గుర్తులు '1', '9'. కంప్యూటరు లోపల '1' సంకేత సంఖ్య 49, '9' సంకేత సంఖ్య 57. తేడా దొరికింది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. వెనక ఎన్ని అంకెలున్నాయో చూడదు. '9', '95' ఎదురైతే మొదటి గుర్తు ఒకటే, ఆపైన '9'లో ఇంకేమీ మిగల్లేదు కాబట్టి అది ముందుంటుంది.

అన్నీ రెండంకెల మార్కులే అయితే ఈ పద్ధతిలోనూ వరుస తప్పదు. పొట్టి, పొడుగు సంఖ్యలు కలిసినప్పుడే తప్పు బయటపడుతుంది. అందుకే ఈ లోపం పరీక్షల్లో దొరక్కుండా తప్పించుకుంటుంది. దీన్ని పట్టుకోవాలంటే నమూనా డేటాలో ఒక 9, ఒక 100 ఉండి తీరాలి.

ఇలా ఎందుకు రూపొందించారు? జావాస్క్రిప్ట్ వరుసలో ఏమైనా ఉండొచ్చు: సంఖ్యలు, పేర్లు, తేదీలు, అన్నీ కలగలిపి కూడా. వాటిలో దాదాపు దేన్నయినా అక్షరాలుగా మార్చవచ్చు కనుక, ఏం చెయ్యాలో తెలియనప్పుడు అదే మార్గమైంది. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. ఆ తొలి ఏళ్ల నిర్ణయాలను ఇప్పుడు మార్చడం కుదరదు. వాటిని నమ్ముకుని నడుస్తున్న పాత పేజీలు చెడిపోతాయి.

కాబట్టి పోల్చే పద్ధతిని ప్రోగ్రామరే చెప్పాలి. దానికోసం `sort`కు ఇచ్చే చిన్న ఫంక్షనే కంపారేటర్. దాని పని ఒక్కటే. రెండు అంశాలు చేతికిస్తే ఒక సంఖ్య తిరిగివ్వాలి: మైనస్ అయితే మొదటిది ముందు, ప్లస్ అయితే రెండోది ముందు, సున్న అయితే రెండూ సమానం. సంఖ్యలకైతే తీసివేతే సరిపోతుంది. `a - b` అంటే చిన్నవి ముందు, `b - a` అంటే పెద్దవి ముందు.

అసలు పట్టికలో ఉండేవి ఒట్టి మార్కులు కావు. పేరూ మార్కులూ కలిసిన ఆబ్జెక్టులు. వాటిని కంపారేటర్ లేకుండా `sort` చేస్తే మరో వింత. ప్రతి మామూలు ఆబ్జెక్టూ అక్షరాలుగా మారితే `[object Object]` అనే ఒకే మాట అవుతుంది. అన్నీ సమానమే కాబట్టి వరుస కదలదు. ఏ లెక్కన పేర్చాలో చెబితేనే పని జరుగుతుంది:

```
students.sort((a, b) =>
  b.marks - a.marks ||
  a.name.localeCompare(b.name, "te"));
```

సుజాతకు 95, రమేష్‌కు 100 అనుకుంటే, `a` సుజాత, `b` రమేష్ అయినప్పుడు 100లోంచి 95 పోను 5. ప్లస్ కాబట్టి రమేష్ ముందుకొస్తాడు. అనితకూ 95 వస్తే, ఆమెకూ సుజాతకూ మధ్య తీసివేత సున్న. జావాస్క్రిప్ట్ సున్నను 'కాదు' కింద లెక్కిస్తుంది గనుక `||` తర్వాతి భాగానికి వెళ్లి, తెలుగు అక్షరక్రమం ప్రకారం పేర్లను పోలుస్తుంది. అనిత ముందు, సుజాత తర్వాత.

ఆ రెండో భాగం రాయకపోతే సమాన మార్కులవాళ్లు మొదట ఏ వరుసలో ఉన్నారో ఆ వరుసలోనే ఉంటారు. ఈ హామీ భాషా ప్రమాణంలోకి వచ్చింది 2019లోనే. అంతకుముందు క్రోమ్‌లో పదికి మించిన జాబితాల్లో సమానులు అటూ ఇటూ అయ్యేవారు.

కంపారేటర్ రాసేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు `a.marks > b.marks` అని రాయడం. చదవడానికి సబబుగానే ఉంటుంది. కానీ అది ఇచ్చేది అవును, కాదు మాత్రమే. అవి 1, 0 కింద మారతాయి. మైనస్ ఎప్పటికీ రాదు. ఇవాళ్టి క్రోమ్‌లో ఈ ఫంక్షన్ ఇస్తే `[3, 1, 2]` కదలకుండా అలాగే ఉండిపోతుంది. పాత క్రోమ్‌లో చిన్న జాబితాలకు ఇదే కోడు సరైన జవాబిచ్చేది. 2018లో లోపలి పద్ధతి మారాక నిన్నటిదాకా నడిచిన పేజీలు తప్పడం మొదలుపెట్టాయి.

ఇక పరీక్షకు రానివాళ్ల సంగతి. మార్కుల చోట `"AB"` అని ఉంటే తీసివేత ఫలితం `NaN`, అంటే సంఖ్యే కాదు. `sort` దాన్ని సున్నగా తీసుకుంటుంది. అంటే రానివాడు 40 మార్కులవాడితోనూ సమానమే, 90 మార్కులవాడితోనూ సమానమే. చెడేది అతని స్థానం ఒక్కటే కాదు. 40, AB, 90 అనే వరుసను `b - a`తో పేర్చమంటే క్రోమ్ పక్కపక్కవాళ్లనే పోల్చి, రెండుసార్లూ సమానమని తేల్చుకుని, 40ని 90 కంటే పైనే వదిలేస్తుంది. 40నీ 90నీ నేరుగా పోల్చే సందర్భమే రాదు. పట్టికలో ఇలా మధ్యలో వరుస తెగినట్టు కనిపిస్తే, ఆ తెగిన చోట సంఖ్య కానిదేదో ఉందేమో ముందుగా చూడాలి. దీనికి విరుగుడు, పోల్చేముందే రానివాళ్లకు సున్న కంటే తక్కువ విలువ ఇవ్వడం:

```
const m = s =>
  Number.isFinite(s.marks) ? s.marks : -1;
students.sort((a, b) => m(b) - m(a));
```

ఇప్పుడు 90, 40, AB అని వస్తుంది. సున్న మార్కులు వచ్చినవాళ్లు కూడా రానివాళ్ల కంటే పైనే ఉంటారు. ఫారంలోంచి మార్కులు `"95"` అని కొటేషన్ల మధ్య వచ్చే చోట మాత్రం ఈ పరీక్ష వాటిని కూడా సంఖ్యలు కావంటుంది కాబట్టి, ముందుగా `Number()`తో మార్చుకోవాలి.