నౌకరీ మానేసినా ఈఎస్‌ఐ ఎప్పటిదాకా నడుస్తుంది? తేదీల లెక్క ఇదీ

కంపెనీ గేటు బయటికి వచ్చిన రోజే ఈఎస్‌ఐ కార్డు పని అయిపోయిందని మనలో చాలామంది అనుకుంటారు. కార్డును బీరువాలో పెట్టేసి, భార్య కాన్పుకో, నాన్న షుగర్ మందులకో ప్రైవేటు దవాఖానలో అప్పు చేసి మరీ ఖర్చు పెడతారు. నిజానికి చాలా కేసుల్లో ఆ కార్డు ఇంకా కొన్ని నెలలు పని చేస్తూనే ఉంటుంది. మనూర్, నారాయణఖేడ్ వైపు నుంచి పటాన్‌చెరు, జహీరాబాద్, హైదరాబాద్ వెళ్లి పని చేసేవాళ్ల ఇళ్లలో ఈ లెక్క తెలిసి ఉండాలి. ఎందుకంటే రాజీనామా తేదీ నెలన్నర అటో ఇటో అయితే, ఇంటిల్లిపాదికీ ఆరు నెలల వైద్యం వచ్చేదీ పోయేదీ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు అసలు లెక్క

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం మన దగ్గర కోస్తారు, 3.25 శాతం యజమాని కట్టాలి. అంటే జీతం 18,000 అయితే మన వాటా 135, యజమాని వాటా 585, మొత్తం 720 రూపాయలు.

ఈ డబ్బు ఏ నెలలో కడితే ఆ నెలకే వైద్యం అనే పద్ధతి కాదిది. ఈఎస్‌ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా చేసింది. ఒకటి ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా. రెండోది అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. ఒక చందా కాలం ముగిశాక మూడు నెలలు ఆగి, దానికి జోడీ అయిన ప్రయోజన కాలం మొదలవుతుంది. ఏప్రిల్–సెప్టెంబరులో కట్టినదానికి వచ్చే ఏడాది జనవరి 1 నుంచి జూన్ 30 దాకా హక్కు ఉంటుంది. అక్టోబరు–మార్చిలో కట్టినదానికి ఆ తర్వాత వచ్చే జూలై 1 నుంచి డిసెంబరు 31 దాకా ఉంటుంది.

షరతు ఒక్కటే. ఆ చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి. అది నిండితే, ఆ తర్వాత నౌకరీ ఉన్నా లేకున్నా, రాజీనామా చేసినా తీసేసినా, దాని జోడీ ప్రయోజన కాలం చివరి రోజు దాకా కార్మికుడికీ కుటుంబానికీ వైద్యం అందాలి.

మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవాళ్లకు ఈ లెక్క కొంచెం వేరు. వాళ్లకు చేరిన రోజు నుంచే మూడు నెలల వైద్యం ఉంటుంది, ఆ తర్వాత పనిలో కొనసాగితేనే అది పొడుగవుతుంది. అందుకని కొత్తవాళ్లు మానేసే ముందు బ్రాంచి ఆఫీసులో తమ తేదీ అడిగి తెలుసుకోవాలి.

ఒక ఇంటి లెక్క చూద్దాం

మనూర్ అబ్బాయి ఒకరు రెండేళ్లుగా పటాన్‌చెరు కంపెనీలో చేస్తున్నారనుకుందాం. జీతం 18,000. భార్యకు వచ్చే ఏప్రిల్‌లో కాన్పు. ఊళ్లో ఉన్న నాన్నకు షుగర్, బీపీ మందులు నెలనెలా కావాలి. సూపర్‌వైజరుతో మాటా మాటా వచ్చి నవంబరు 10న మానేశారు.

మొదటి ప్రశ్న, నవంబరు 11 నుంచి డిసెంబరు ఆఖరు దాకా ఏంటి? కిందటి అక్టోబరు–మార్చి చందా కాలంలో ఈయన పూర్తిగా పని చేశారు. దాని ప్రయోజన కాలం ఈ జూలై నుంచి డిసెంబరు 31 దాకా. కాబట్టి ఈ రెండు నెలలకూ ఢోకా లేదు.

రెండోది, జనవరి తర్వాత? ఈ ఏప్రిల్–సెప్టెంబరులోనూ ఆరు నెలలూ చందా పడింది, 78 రోజులు ఎప్పుడో దాటాయి. దాని ప్రయోజన కాలం జనవరి 1 నుంచి జూన్ 30 దాకా. అంటే మానేసిన ఐదు నెలలకు వచ్చే కాన్పు కూడా ఈఎస్‌ఐ కిందే జరగాలి.

మూడోది, జూలై తర్వాత? ఇక్కడే దెబ్బ తగులుతుంది. జూలై–డిసెంబరు హక్కు కోసం అక్టోబరు 1 నుంచి కొత్తగా 78 రోజులు కావాలి. ఈయనకు అక్టోబరులో 31, నవంబరులో 10, మొత్తం లెక్కపెట్టినా 41 రోజులే. కాబట్టి జూన్ 30తో నాన్న మందులు ఆగిపోతాయి.

అదే మనిషి కోపం దిగమింగుకుని డిసెంబరు ఆఖరు దాకా చేసి ఉంటే? చాలా కంపెనీలు నెలకు 26 పని దినాలు చూపిస్తాయి. మూడు నెలలకు 78. సరిగ్గా గీత మీద నిలబడ్డట్టు. అప్పుడు వచ్చే ఏడాది డిసెంబరు 31 దాకా ఇంటి మొత్తానికీ వైద్యం ఉండేది. ఒక్క సెలవుకు జీతం కోసినా 77కు పడిపోవచ్చు కాబట్టి జనవరి మొదటి వారం కూడా చేస్తే ఇంకా మంచిది. ఏప్రిల్‌తో మొదలయ్యే సగానికీ ఇదే సూత్రం. జూన్ దాటి జూలై మొదటి వారం దాకా ఉండగలిగితే ఆ సగం మన ఖాతాలో పడ్డట్టే.

కుటుంబం అంటే ఎవరెవరు?

భార్య లేదా భర్త, మన మీద ఆధారపడిన మైనర్ పిల్లలు, చదువుకుంటుంటే 21 ఏళ్ల దాకా, పెళ్లి కాని కూతురు, ఆధారపడిన తల్లిదండ్రులు. తల్లిదండ్రుల ఆదాయం అన్నీ కలిపి నెలకు 9,000 రూపాయలు దాటకూడదు. నాన్నకు 2,016 ఆసరా పింఛను వస్తే అది అడ్డం కాదు. పెళ్లయిన అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు ఒకే కప్పు కింద ఉన్నా ఇందులోకి రారు.

అయితే ఈ పేర్లు ఈఎస్‌ఐ రికార్డులో ఎక్కి ఉండాలి. ఈ-పెహచాన్ కార్డు కాగితంలో కుటుంబ సభ్యుల పేర్లు కనపడతాయి. నౌకరీ మానే ముందే ఆ కాగితం తీసి చూడండి. పెళ్లికి ముందు చేరినవాళ్ల కార్డుల్లో భార్య పేరే లేకపోవచ్చు. ఉద్యోగంలో ఉండగా హెచ్‌ఆర్ వాళ్లతో ఎక్కించుకోవడం సులువు. మానేశాక అదే పనికి బ్రాంచి ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇంకో చిక్కు డిస్పెన్సరీ. కార్డు మీద పటాన్‌చెరు డిస్పెన్సరీ ఉంటే, పని మానేసి మనూర్ వచ్చేశాక ప్రతి మందు గోలీకీ అంత దూరం పోవాలి. ఇల్లు మారినప్పుడు డిస్పెన్సరీ కూడా మార్పించుకోవచ్చు, కుటుంబానికి వేరే డిస్పెన్సరీ పెట్టించుకోవచ్చు. కాన్పు ఉన్నవాళ్లు ఏ ఈఎస్‌ఐ దవాఖానకు రిఫర్ చేస్తారో ముందే అడిగి పెట్టుకోవాలి. మన వైపువాళ్లకు రామచంద్రాపురం, సనత్‌నగర్‌లలో ఈఎస్‌ఐ దవాఖానలు ఉన్నాయి. గుండె, కిడ్నీ లాంటి సూపర్ స్పెషాలిటీ వైద్యానికి 78 రోజులు కాక వేరే షరతులు కూడా ఉంటాయి, రిఫర్ చేసే ముందు వాటిని చూస్తారు.

ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఎక్కువగా రోజుల దగ్గర. జీతం స్లిప్పులో 135 కోస్తారు, కానీ యజమాని ఈఎస్‌ఐకి కట్టరు. లేదా 26 రోజులు పని చేస్తే 15 రోజులే చూపిస్తారు. ఒక నెల చందా తర్వాతి నెల 15వ తేదీ లోపు కట్టాలి. ఉమంగ్ యాప్‌లో ఈఎస్‌ఐసీ సేవల్లోకి వెళ్లి ఏ నెలకు ఎన్ని రోజులు పడ్డాయో మీ ఐపీ నంబరుతో చూసుకోవచ్చు. రోజులు తగ్గితే జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుని బ్రాంచి ఆఫీసులో ఫిర్యాదు చేయండి. టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526. యజమాని ఎగ్గొట్టినదానికి కార్మికుడి హక్కు పోదు, కానీ రుజువు మన చేతిలో ఉండాలి.

రెండో తప్పు, కొత్త కంపెనీలో చేరినప్పుడు పాత ఐపీ నంబరు చెప్పకపోవడం. కొత్త నంబరు పుడితే పాత రోజులు ఒకచోట, కొత్త రోజులు ఒకచోట పడి, రెండిట్లోనూ 78 నిండకుండా పోవచ్చు.

మూడోది అన్నిటికన్నా ఖరీదైన తప్పు. కంపెనీ మూతపడుతున్నప్పుడు, మనుషుల్ని తగ్గిస్తున్నప్పుడు, "రాజీనామా రాసివ్వండి, సెటిల్‌మెంటు త్వరగా ఇస్తాం" అంటారు. సంతకం పెడితే రికార్డులో కారణం "లెఫ్ట్ సర్వీస్" అని పడుతుంది. మూసివేత వల్లో, రిట్రెంచ్‌మెంట్ వల్లో పని పోయినవాళ్లకు రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన ఉంది. షరతులు కుదిరితే 24 నెలల దాకా నిరుద్యోగ భృతి, ఆ కాలంలో తనకూ కుటుంబానికీ ఈఎస్‌ఐ వైద్యం ఇస్తారు. తనంతట తాను మానేసినవాళ్లకు ఇది రాదు. ఒక్క సంతకంతో రెండేళ్ల వైద్యం వదులుకున్నట్టు అవుతుంది.

అలాగే సిక్‌నెస్ బెనిఫిట్ మీద గానీ, మెటర్నిటీ బెనిఫిట్ మీద గానీ ఉన్న మనిషిని ఆ సమయంలో ఉద్యోగం నుంచి తీసేయడాన్ని ఈఎస్‌ఐ చట్టం ఒప్పుకోదు. గర్భిణి అక్కచెల్లెళ్లకు ఇది బాగా గుర్తుండాలి.

జీతం 21,000 దాటినవాళ్ల సంగతి

వీళ్లకు కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటుంది. దాని తీరు పూర్తిగా వేరు. ఇక్కడ ఆరు నెలల కొసరు ఏమీ ఉండదు. మామూలుగా చివరి పని దినంతోనే మనకూ భార్యాపిల్లలకూ తల్లిదండ్రులకూ కవర్ ఆగిపోతుంది.

కానీ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఒక హక్కు ఉంది. గ్రూపు నుంచి బయటికి వచ్చేవాళ్లు అదే బీమా కంపెనీలో సొంత పాలసీకో, ఫ్యామిలీ ఫ్లోటర్‌కో మారొచ్చు. దీన్ని మైగ్రేషన్ అంటారు. ప్రీమియం మనమే కట్టుకోవాలి, కంపెనీ ఆరోగ్య పరీక్షలు అడగొచ్చు. లాభం వెయిటింగ్ పీరియడ్ దగ్గర. కొత్త పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగమనొచ్చు. గ్రూపులో మూడేళ్లు ఉన్న నాన్న షుగర్‌కు, పాత బీమా మొత్తం మేరకు ఆ మూడేళ్లూ లెక్కలోకి వస్తాయి. మధ్యలో గ్యాప్ వస్తే ఇది పోతుంది. అందుకే రాజీనామా ఇచ్చిన వారంలోనే, నోటీసు పీరియడ్ నడుస్తుండగానే, హెచ్‌ఆర్ దగ్గర పాలసీ నంబరు, కవర్ మొదలైన తేదీలు, క్లెయిముల వివరాలు తీసుకుని బీమా కంపెనీకి రాతపూర్వకంగా అడగాలి. ఫ్లోటర్‌లో తల్లిదండ్రుల్ని చేర్చకపోతే వాళ్ల పేరున వేరే పాలసీకి మైగ్రేషన్ అడగండి.

ఈఎస్‌ఐ గడువు ముగిసి, కొత్త నౌకరీ దొరకని ఇళ్లకు ఆహార భద్రత కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. అయితే అది ముఖ్యంగా ఆపరేషన్లకు, దవాఖానలో చేరి చేయించుకునే వైద్యానికి. నెలనెలా షుగర్ గోలీలకు ఈఎస్‌ఐ డిస్పెన్సరీ చేసినంత పని అది చేయదు. కాబట్టి రాజీనామా కాగితం మీద తేదీ వేసే ముందు ఉమంగ్‌లో రోజులు లెక్కపెట్టండి. 78కి ఎన్ని తక్కువున్నాయో చూసి, ఆ తర్వాతే తేదీ వేయండి.