సెప్టెంబరు పిల్లాడు, ఆగస్టు పిల్లాడు

హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి సీటు కోసం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల పిల్లలూ పోటీ పడొచ్చు. పరుగు, దూకుడు పరీక్షలతో పాటు ఎత్తు, బరువు చూస్తారు. వయసు లెక్క సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా.

ఇద్దరు పిల్లల్ని ఊహించుకోండి. ఒకడు సెప్టెంబరు 5న పుట్టాడు, ఇంకొకడు తర్వాతి ఆగస్టు 25న. 354 రోజుల తేడా! ఆ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు ఎదుగుతారు. చిన్నోడు అంత పొట్టిగా ఉండి కూడా అదే గీత దాటాలి. దాటకపోతే ‘వీడికి ఆటలు రావు’ అనేస్తాం. సీటొచ్చినోడికేమో కోచ్, మంచి తిండి, రోజూ సాధన. అసలు తేడా అక్కణ్నుంచే ముదురుతుంది. 1980ల్లో కెనడా ఐస్ హాకీలో మనస్తత్వవేత్త రోజర్ బార్న్‌స్లీ గమనించిందీ ఇదే. అక్కడ కటాఫ్ జనవరి 1. జట్లలో ఎక్కువమంది జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లే.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బడిలో చేర్చేటప్పుడు సారు రాసిన జూన్ తేదీయే చాలామంది పెద్దోళ్లకు పుట్టినరోజు! అందుకే మీ మండలం లెక్క తీయాలంటే జనన ధ్రువపత్రాలు చూడండి. ఎంపికైనవాళ్లలో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పిల్లలు పావువంతు ఉండాలి. సగం ఉన్నారంటే అది ఒక్క ప్రతిభే కాదు. పదిమంది జాబితాతో మాత్రం ఏదీ తేలదు, నాలుగైదేళ్ల పేర్లు కలపాలి.