పదిహేను వేలు ఇరవై ఒక్క వేలైన రోజు

పేరోల్ సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లో టీమ్ లీడ్ మెయిళ్లు సాధారణంగా నాలుగు వాక్యాలు దాటవు. వాటిలో ఒక రకం మెయిల్ వస్తే మాత్రం టెస్టర్లు టీ కప్పు పక్కన పెట్టేసి చదువుతారు. ప్రభుత్వం ఏదో అర్హత పరిమితి మార్చిందని, మన ప్రోగ్రామ్‌లోనూ మార్చామని, ఇక మీరు చూసుకోవాలని అందులో ఉంటుంది. 2016 డిసెంబరు చివర్లో ఈఎస్ఐ విషయంలో అదే జరిగింది. ఈఎస్ఐ కిందికి వచ్చే ఉద్యోగి నెల వేతన పరిమితి అప్పటిదాకా 15,000 రూపాయలు. 2017 జనవరి 1 నుంచి అది 21,000 అయింది. ప్రతి నెలా జీతాలు లెక్కకట్టే ముందు ఈ ఉద్యోగికి ఈఎస్ఐ వర్తిస్తుందా లేదా అని తేల్చే ప్రోగ్రామ్ భాగాన్ని అర్హత చెకర్ అంటారు. మార్పు పడింది దాని మీదే.

అలాంటి మెయిల్ ఎలా ఉంటుందో ఊహించి ఇక్కడ ఇస్తున్నాను.

“అందరికీ నమస్కారం. ఈఎస్ఐ పరిమితి 15,000 నుంచి 21,000కి మారింది. జనవరి 1 నుంచి అమలు. డిసెంబరు జీతాలు ఎప్పుడు రన్ చేసినా పాత పరిమితే వర్తించాలి. వికలాంగుల పరిమితి 25,000 అలాగే ఉంది, దాన్ని కదపలేదు. సరిగ్గా 21,000 ఉన్న వాళ్లను, ఓవర్‌టైమ్ ఉన్న వాళ్లను, మధ్యలో జీతం పెరిగిన వాళ్లను, ఒకసారి బయటికి పోయి మళ్లీ లోపలికొచ్చే వాళ్లను తప్పకుండా మళ్లీ చూడండి. 16,000 జీతానికి ‘అర్హత లేదు’ అని ఆశించే పాత టెస్టులు జనవరికి ఫెయిల్ కావాలి. అవి పాస్ అయితే నాకు చెప్పండి.”

నా లెక్కలో ఈ మెయిల్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ చివరి మాట. రూలు మారాక కూడా పాత టెస్టులన్నీ పచ్చగా వెలుగుతున్నాయంటే సంతోషించడానికేమీ లేదు. కొత్త పరిమితి అసలు ఎక్కలేదని దానర్థం. టెస్టు ఫెయిలయ్యాక టెస్టరు రావాల్సిన జవాబును చట్టం చూసి కాగితం మీద లెక్కకట్టి మార్చాలి. ప్రోగ్రామ్ ఏం చెప్పిందో అదే తెచ్చి ‘రావాల్సిన జవాబు’ గడిలో అతికిస్తే, తప్పు రాసినవాడే పేపరు దిద్దినట్టవుతుంది.

ముందు అంచు సంగతి చూద్దాం. పరిమితి దాటిన వాళ్లే బయట. కచ్చితంగా 21,000 వచ్చే మనిషి లోపలే ఉంటాడు. ప్రోగ్రామ్‌లో ఇది ఒక్క గుర్తు తేడా:

```
wages <  21000   # తప్పు
wages <= 21000   # ఒప్పు
```

అందుకే టెస్టరు 20,999, 21,000, 21,001 మూడూ వేసి చూస్తాడు. పాత అంచును కూడా వదలకూడదు. డిసెంబరుకు 15,000, 15,001 వేసి చూడాలి, ఎందుకంటే డిసెంబరు జీతాలను చాలా చోట్ల జనవరిలోనే రన్ చేస్తారు. ప్రోగ్రామ్ ఈరోజు తేదీని చూసి పరిమితి తీసుకుంటే, డిసెంబరుకు సంబంధం లేని వాళ్ల జీతంలోంచి కూడా చందా కోసేస్తుంది. చూడాల్సింది జీతం ఏ నెలదన్నది, రన్ చేసిన తేదీ కాదు.

ఇక ఓవర్‌టైమ్. కొత్తగా చేరిన టెస్టర్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు, తడబడటంలో వింత కూడా లేదు. ఒకే డబ్బును ఒకచోట లెక్కలోకి తీసుకోకూడదు, ఇంకోచోట తీసుకోవాలి. ఉద్యోగి అర్హుడా కాదా అని తేల్చేటప్పుడు ఓవర్‌టైమ్‌ను పక్కన పెట్టాలి. అర్హుడని తేలాక చందా లెక్కకట్టేటప్పుడు కలపాలి. ఒక ప్యాకింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు జనవరి వేతనం 20,500, ఓవర్‌టైమ్ 3,000 అనుకుందాం. మొత్తం చేతికొచ్చేది 23,500. ఆ అంకె చూసి చెకర్ ‘అర్హత లేదు’ అంటే తప్పు. అర్హతకు చూడాల్సింది 20,500, కాబట్టి ఆయన లోపలే. చందా మాత్రం 23,500 మీద. ఆ రోజుల్లో ఉద్యోగి వాటా 1.75 శాతం, యజమాని వాటా 4.75 శాతం (2019 జులై నుంచి ఇవి 0.75, 3.25 అయ్యాయి). ఉద్యోగి వాటా 411.25 వస్తుంది. రూపాయిలో ఏ కాస్త మిగిలినా పై రూపాయికి పెంచాలన్నది నియమం కనుక 412. యజమాని వాటా 1,116.25, అంటే 1,117. చెకర్ 411, 1,116 చూపిస్తే అర్హత సరిగ్గా తేల్చి, రౌండింగ్ దగ్గర తప్పిందన్నమాట. 20,500కే చందా కట్టి 359, 974 చూపిస్తే ఓవర్‌టైమ్‌ను రెండు చోట్లా వదిలేసిందన్నమాట. ఏ అంకె వచ్చిందో చూస్తే తప్పు ఏ వరుసలో ఉందో దాదాపు చెప్పేయొచ్చు. అందుకే అంచుకు దగ్గరగా ఉండి, పైసలు మిగిలే అంకెలనే టెస్టుకు ఏరుకుంటారు.

మూడోది కాలం లెక్క. ఈఎస్ఐలో ఏడాదికి రెండు చందా కాలాలు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మొదట్లో అర్హుడైన ఉద్యోగికి మధ్యలో జీతం పరిమితి దాటినా ఆ కాలం ముగిసేదాకా ఈఎస్ఐ కొనసాగుతుంది. 2017 ఏప్రిల్‌లో 20,000తో ఉన్న మనిషికి జులైలో 22,500 చేశారనుకోండి. సెప్టెంబరు దాకా ఆయన చందా కడతాడు, అదీ 22,500 మీదే. నెలకు 393.75, అంటే 394. అక్టోబరు 1న బయటికి పోతాడు. ఏ నెలకానెల జీతం చూసి తీర్పు చెప్పే చెకర్ జులైలోనే ఆయన్ను తీసేస్తుంది. అప్పటికి ఆ ఇంట్లో ఎవరికో సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం జరుగుతూ ఉండొచ్చు. పైగా ఆ తప్పు తర్వాత బయటపడితే యజమాని తన వాటాతోపాటు ఉద్యోగి వాటా కూడా తనే కట్టుకోవాలి. గడిచిన నెలల చందాను తర్వాతి జీతాల్లోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఆలస్యానికి ఏటా 12 శాతం వడ్డీ అదనం.

2017 మార్పులోని అసలు తిరకాసు ఏమిటంటే, జనవరి 1 చందా కాలం నడుమ పడింది. అక్టోబరు–మార్చి కాలం సగం గడిచాక పరిమితి మారింది. చాలా ప్రోగ్రాములు అర్హతను ఏప్రిల్‌లో, అక్టోబరులో రెండుసార్లే తేల్చి, ఆ జవాబునే ఆరు నెలలు వాడుకుంటాయి. జీతం పెరిగినవాణ్ని మధ్యలో తీసేయకుండా కాపాడే ఉపాయం అదే. కానీ జనవరిలో అదే ఉపాయం ఎదురు తిరుగుతుంది. అక్టోబరులో 18,000 జీతంతో ‘అర్హత లేదు’ అని రాసిపెట్టుకున్న మనిషిని జనవరిలో మళ్లీ అడగదు, మార్చి దాకా బయటే ఉంచేస్తుంది. కాబట్టి బయట ఉన్న ప్రతి ఒక్కరినీ జనవరి 1 తేదీతో మళ్లీ పరీక్షించాలి, లోపల ఉన్న వాళ్లను మాత్రం ముట్టుకోకూడదు.

ఈ గుంపులోనే టీమ్ లీడ్ చెప్పిన ‘మళ్లీ లోపలికొచ్చే వాళ్లు’ ఉంటారు. 2016 ఏప్రిల్‌లో 14,500 ఉండి, జులైలో 16,200 అయి, అక్టోబరు 1న బయటికెళ్లిన ఉద్యోగి జనవరిలో తిరిగి అర్హుడవుతాడు. ఆయనకు బీమా నంబరు ఇదివరకే ఉంది. అది ఉద్యోగం మారినా మారని నంబరు. చెకర్ ‘కొత్తగా అర్హుడు’ అనగానే రిజిస్ట్రేషన్ భాగం కొత్త నంబరుకు దరఖాస్తు తయారుచేస్తే, ఒకే మనిషి పేరిట రెండు నంబర్లు పుట్టి పాత చందాలు ఒకదానిలో, కొత్తవి ఒకదానిలో చేరతాయి. అనారోగ్య భత్యం రావాలంటే చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. చందాలు రెండు నంబర్లకు చీలిపోతే ఆ 78 ఏ నంబరులోనూ నిండకపోవచ్చు. అందుకని టెస్టరు ఇక్కడ అర్హత జవాబు ‘అవును’ అని రావడంతో ఆగడు. జనవరి రిటర్ను ఫైలు తెరిచి, ఆ ఉద్యోగి వరుసలో 2016 నాటి పాత నంబరే ఉందో లేదో కళ్లతో చూస్తాడు.