పరిశోధన ప్రణాళికను ఒకే స్లైడులో చూపడం: దశలు, మైలురాళ్లు, కాలమానం

పిహెచ్.డి. పరిశోధకులు ప్రతి సెమిస్టరులోనూ పరిశోధక సలహా సమితి ముందు తమ పని పురోగతిని వివరించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అటువంటి సమర్పణలలో కాలప్రణాళికను చూపే స్లైడు ఒకటి తప్పనిసరిగా ఉంటుంది. చాలా సందర్భాలలో అది సన్నని గడులతో, చిన్న అక్షరాలతో కిక్కిరిసి ఉంటుంది. సమితి సభ్యులు దానిని చదవలేక తరువాతి స్లైడుకు వెళ్లమంటారు. ప్రణాళికలోని లోపం బయటపడవలసిన చోటే మరుగునపడిపోతుంది. దశలను, మైలురాళ్లను మాత్రమే చూపుతూ ఈ స్లైడును నిర్మించే విధానాన్ని ఒక ఊహాత్మక ఉదాహరణ ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పనుల పట్టిక వేరు, ప్రణాళికా చిత్రం వేరు

ఉత్తరాంధ్ర తీరంలోని మత్స్యకారుల వృత్తి పదజాలంపై ఒక పరిశోధన జరుగుతున్నదనుకుందాం. కాలం 2025 జనవరి నుంచి 2027 డిసెంబరు వరకు, అంటే 36 నెలలు. పరిశోధకురాలు మొదట 27 పనులను వరుసగా రాసి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క పట్టీ గీసింది. దీనిని గాంట్ చార్టు అంటారు. ఏ వారం ఏ పని చేయాలో తెలుసుకోవడానికి అది ఆమెకు అవసరమే. అయితే సమితి అడిగే ప్రశ్న వేరు: పని ఏయే ఘట్టాలుగా సాగుతుంది, ఏ తేదీకి ఏది పూర్తయిందని నిర్ధారించుకోవచ్చు? 27 పట్టీలలో ఈ సమాధానం దొరకదు. అందువల్ల గాంట్ చార్టును అనుబంధ పత్రంగా ఉంచుకొని, స్లైడును వేరుగా నిర్మించాలి.

దశకు నిడివి ఉంటుంది, మైలురాయికి ఉండదు. దశ కొంత కాలం సాగే పని. మైలురాయి ఒక తేదీన తేలిపోయే ఫలితం. ఒక అంశం మైలురాయి అవునో కాదో తేల్చుకోవడానికి, ఆ తేదీన "అయిందా?" అని అడిగితే అవును లేదా కాదు అని మాత్రమే సమాధానం రావాలి. ఆ సమాధానానికి చూపదగిన పత్రం కూడా ఉండాలి. "ప్రశ్నావళి తయారీ" ఈ పరీక్షకు నిలవదు, ఎందుకంటే తయారీ ఎప్పుడూ సగం అయినట్టే ఉంటుంది. "ప్రశ్నావళికి పర్యవేక్షకుల ఆమోదం" నిలుస్తుంది. "గ్రంథ పఠనం" 36 నెలలూ సాగే పని కాబట్టి దానిని పట్టీగా గీసినా కొత్తగా తెలిసేది ఏమీ లేదు. దానిని తీసివేయవచ్చు.

ఈ విధంగా వడకడితే నాలుగు దశలు, ఐదు మైలురాళ్లు మిగిలాయి. సన్నాహం 6 నెలలు, క్షేత్ర సేకరణ 12, విశ్లేషణ 9, రచన 9 నెలలు. కోర్సువర్కు ఉత్తీర్ణత 2025 జూన్ చివరికి, ప్రశ్నావళి ఆమోదం సెప్టెంబరు చివరికి, సేకరణ ముగింపు 2026 జూన్ చివరికి, పదపట్టిక ఖరారు 2027 మార్చి చివరికి, సిద్ధాంత గ్రంథ సమర్పణ ఆ డిసెంబరు చివరికి. మిగిలిన పనులన్నీ ఏదో ఒక దశలో ఇమిడిపోతాయి.

కొలత ప్రకారం గీయడం

పవర్‌పాయింట్‌లో సిద్ధంగా లభించే స్మార్ట్ఆర్ట్ కాలరేఖలు అంశాలను సమాన దూరంలో అమరుస్తాయి. మూడు నెలల వ్యవధీ, తొమ్మిది నెలల వ్యవధీ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి సాధారణ ఆకారాలతో స్వయంగా గీయడం మేలు. వెడల్పు స్లైడు అడ్డంగా 33.87 సెం.మీ. ఉంటుంది. నెలకు 0.8 సెం.మీ. చొప్పున 36 నెలలకు 28.8 సెం.మీ. పడుతుంది. ఇరువైపులా సుమారు 2.53 సెం.మీ. అంచు మిగులుతుంది. నాలుగు దశల పట్టీలు వరుసగా 4.8, 9.6, 7.2, 7.2 సెం.మీ. పొడవుతో ఒకే అడ్డవరుసలో ఒకదాని పక్కన ఒకటి వస్తాయి.

మైలురాళ్లను 0.6 సెం.మీ. వెడల్పు గల వజ్రాకారాలుగా వేయవచ్చు. `Format Shape` లోని `Horizontal position` ఆకారపు ఎడమ అంచును కొలుస్తుంది, మధ్యబిందువును కాదు. అందుచేత వెడల్పులో సగాన్ని తీసివేయాలి. సేకరణ ముగింపు 18వ నెల చివర వస్తుంది కనుక దాని స్థానం ఇలా తేలుతుంది:

```
2.53 + (18 × 0.8) − 0.3 = 16.63
```

మొదటి రెండు మైలురాళ్ల మధ్య దూరం 2.4 సెం.మీ. మాత్రమే. వాటి పేర్లు ఒకే వైపు రాస్తే ఒకదానిపై ఒకటి పడతాయి. ఒకదాని పేరు పట్టీకి పైన, తరువాతిదాని పేరు కింద, అలా మార్చి మార్చి రాస్తే పైవరుసలో రెండు పేర్ల మధ్య కనీసం 9.6 సెం.మీ. దొరుకుతుంది. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కాబట్టి రెండు వరుసల పేరుకు వరుసల మధ్య ఎడం కొంత పెంచాలి. దశల పేర్లు 18 పాయింట్లకు తగ్గకూడదు. పేరు పట్టకపోతే అక్షరాలను కాక, పేరును కుదించాలి.

చిత్రం బయటపెట్టిన లోపం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక, మోటారు పడవల చేపల వేటపై నిషేధం ఉంటుంది. పరిశోధకురాలు 2026 నిషేధ కాలాన్ని పట్టీల వెనుక 1.6 సెం.మీ. వెడల్పు గల లేత బూడిదరంగు నిలువు పట్టీగా వేసింది. అది క్షేత్ర సేకరణ దశ చివరి భాగంలో, సేకరణ ముగింపుకు సరిగ్గా ముందు నిలిచింది. మోటారు పడవలో వేటకు వెళ్లి పదాలు నమోదు చేసే పనిని ఆమె మేనెలలో పెట్టుకుంది. 27 పట్టీల చార్టులోనూ ఆ తేదీ ఉన్నది, కానీ ఎవరి దృష్టికీ రాలేదు. ఇప్పుడు వేట నమోదును జనవరి నుంచి మార్చి వరకు ముందుకు జరిపి, పడవలు ఒడ్డున ఉండే నిషేధ కాలాన్ని వలలల్లిక, పడవల మరమ్మతు పదాల సేకరణకు కేటాయించింది. మైలురాయి తేదీ మారలేదు.

బయటి నుంచి వచ్చే ఇటువంటి అడ్డంకులలో మైలురాయిని కదిలించగలిగినవాటినే చూపాలి. పండుగలు, సెలవులు అన్నీ వేస్తే చిత్రం మళ్లీ నిండిపోతుంది.

అనిశ్చితి, మార్పులు

దూరపు తేదీలను దగ్గరి తేదీలంత నిశ్చయంగా గీయడం సత్యం కాదు. జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1765లో ప్రచురించిన జీవితకాలాల పటంలో కచ్చితంగా తెలిసిన కాలాన్ని గీతతోనూ, సందేహాస్పద కాలాన్ని చుక్కలతోనూ చూపాడు. అదే పద్ధతిలో రచన దశ పట్టీకి కుడి అంచును చుక్కల గీతగా ఉంచవచ్చు.

తేదీ మారినప్పుడు పాత వజ్రాన్ని తొలగించరాదు. దానిని బోలుగా ఉంచి, కొత్త స్థానంలో నిండు వజ్రం వేయాలి. రెండింటి మధ్య దూరమే జాప్యం. సెమిస్టరు తరువాత సెమిస్టరు ఇదే స్లైడును చూపితే పని ఎక్కడ జారుతున్నదో సమితికి విడిగా చెప్పనక్కరలేదు.

ఈ చిత్రానికి ఒక పరిమితి ఉన్నది. ఒక పని ఆగితే ఏయే పనులు ఆగుతాయో ఇది చూపదు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు అనుబంధంగా ఉంచిన గాంట్ చార్టును తెరవాలి. స్లైడు సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, పరిశోధనతో పరిచయం లేని సహాధ్యాయికి దానిని పది సెకన్లు చూపి మూసివేయవచ్చు. దశలు ఎన్ని, అన్నిటికంటె పొడవైనది ఏది, తరువాతి మైలురాయి ఏది అని అడగాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చెప్పలేకపోయినా స్లైడులో తీసివేయవలసినది ఇంకా మిగిలి ఉన్నదని గ్రహించాలి.