గ్యాస్ లీకైతే వాసన వస్తుందిలే అనుకుంటున్నారా? అందరికీ రాదు.. ఎందుకో తెలుసుకోండి!

విశాఖపట్నం: వంటగ్యాస్ లీకైతే ముక్కే చెప్పేస్తుందని చాలామంది ధీమా. కుళ్లిన కోడిగుడ్డు, కుళ్లిన క్యాబేజీ కలిసినట్టుండే ఆ వాసన అంత ఘాటుగా ఉంటుంది మరి. అయితే ఆ వాసన గ్యాస్‌ది కాదు, బయటి నుంచి కలిపింది. కొందరి ముక్కు దాన్ని సరిగా పట్టలేదు. కొన్నిసార్లు గ్యాస్‌లోనే ఆ వాసన తగ్గిపోతుంది. వాసన రాలేదంటే లీక్ లేనట్టే అనుకోవడం అందుకే ప్రమాదం.

గ్యాస్ లీక్ అంటే ఏమిటో విశాఖ వాసులకు వేరే చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్పీజీ లీకై, మంటలు చెలరేగి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది రిఫైనరీలో జరిగిన ఘోరం. ఇంట్లో అయితే లీక్‌ను కనిపెట్టే బాధ్యత ఎక్కువగా ఇంట్లో వాళ్ల ముక్కుదే.

అసలు ఆ వాసన ఎక్కడిది?

ఎల్పీజీలో ఉండేవి ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. వీటికి గట్టి వాసన ఉండదు. అందుకే మన దాకా రాకముందే ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధక పదార్థాన్ని కలుపుతారు. కలిపేది చాలా కొంచెం. అమెరికాలో వాడే కొలత ప్రకారం లెక్కేస్తే, మన 14.2 కిలోల సిలిండర్‌కు అర గ్రాము కూడా అక్కర్లేదు. గాలిలో వంద కోట్ల వంతుల్లో ఒక వంతు ఉన్నా మామూలు ముక్కు దాన్ని పట్టేస్తుంది.

ఈ పద్ధతి చట్టంగా మారడానికి కారణం ఓ విషాదం. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, న్యూ లండన్ స్కూల్లో వాసన లేని గ్యాస్ లీకై పేలింది. దాదాపు 300 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది పిల్లలే. ఆ తర్వాతే గ్యాస్‌కు వాసన కలపడం తప్పనిసరి చేశారు.

లెక్క ఇలా ఉంటుంది

గాలిలో ఎల్పీజీ దాదాపు 1.8 శాతానికి చేరితే నిప్పు రవ్వ చాలు, అంటుకుంటుంది. అందులో ఐదో వంతు దగ్గరే వాసన తెలియాలన్నది నియమం.

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటగదినే తీసుకోండి. గ్యాస్ గదంతా సమానంగా కలిస్తే, అంటుకునే స్థాయికి చేరడానికి సుమారు 850 గ్రాములు లీకవ్వాలి. 170 గ్రాముల దగ్గరే వాసన తెలియాలి. వినడానికి బాగానే ఉంది కదా.

కానీ ఎల్పీజీ గాలి కంటే బరువు. గదంతా కలవదు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకే చేరిందనుకుంటే, సుమారు 85 గ్రాములతోనే ఆ పొర అంటుకునే స్థాయికి వచ్చేస్తుంది. నిలబడి ఉన్న మనిషి ముక్కేమో ఐదడుగుల ఎత్తులో ఉంటుంది!

ఎవరి ముక్కు పట్టలేదు?

మొదట వయసు. 1984లో అమెరికాలో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో, 65 నుంచి 80 ఏళ్ల మధ్య వాళ్లలో సగానికి పైగా వాసన శక్తి బాగా తగ్గినట్టు తేలింది. విచిత్రం ఏంటంటే, ఈ సంగతి వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు. చూపు తగ్గితే పేపర్ చదవలేం కాబట్టి తెలుస్తుంది. ముక్కు విషయం మెల్లగా జరిగిపోతుంది.

రెండోది పని. 1986లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక లక్షల మంది పాఠకులతో ఓ వాసన సర్వే చేసింది. అందులో ఇచ్చిన ఆరు వాసనల్లో గ్యాస్‌కు కలిపే మెర్కాప్టన్ల వాసన కూడా ఒకటి. ఆ వివరాలను తర్వాత విశ్లేషిస్తే, ఫ్యాక్టరీ కార్మికుల్లో వాసన శక్తి మిగతావారి కంటే తక్కువగా కనిపించింది. ఏళ్ల తరబడి పొగ, దుమ్ము, రసాయనాల మధ్య పనిచేసేవాళ్లు ఎక్కువగా ఉండే విశాఖ లాంటి ఉక్కు నగరం ఇది గమనించాల్సిన విషయమే.

ఇవి కాక జలుబు, సైనస్, పొగతాగే అలవాటు, కోవిడ్ తర్వాత వాసన పూర్తిగా తిరిగిరాకపోవడం కూడా కారణాలే.

ముక్కు బాగున్నవాళ్లకూ రెండు ఇబ్బందులున్నాయి. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు ఉంటే ముక్కు అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తుంది. 'ఇందాక వచ్చింది, ఇప్పుడు పోయింది' అనిపిస్తుంది. గ్యాస్ మాత్రం అక్కడే ఉంటుంది. ఇక నిద్ర. శబ్దానికి లేచినట్టు వాసనకు మనిషి లేవడు.

గ్యాస్‌లోనే వాసన తగ్గితే..

దీన్ని ఆడర్ ఫేడ్ అంటారు. మెర్కాప్టన్ ఉక్కు గోడలకు అతుక్కుంటుంది. లోపల తుప్పు ఉంటే దానితో చర్య జరిగి, అంత ఘాటు లేని మరో పదార్థంగా మారుతుంది. కొత్త సిలిండర్లు, కొత్త ట్యాంకులు, గాలీ తేమా లోపలికి చేరిన ఖాళీ పాత్రల్లో ఈ సమస్య ఎక్కువ. నిత్యం నింపుతూ తిరిగే సిలిండర్లలో తక్కువ. భూమిలోని పైపు లీకైతే, పైకి వచ్చేలోపు మట్టి కూడా కొంత వాసనను పీల్చేస్తుంది.

ప్రతి ఇంట్లో జరిగేది మరొకటుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గర, బ్యూటేన్ సున్నాకు దగ్గర్లో మరుగుతాయి. ఇథైల్ మెర్కాప్టన్ మాత్రం 35 డిగ్రీల దగ్గర. అంటే గ్యాస్ ముందు ఆవిరై బయటికొస్తుంటే, వాసన పదార్థం ద్రవంలో వెనకబడిపోతుంది. సిలిండర్ అయిపోయే ముందు వంటింట్లో వాసన ఎక్కువయ్యేది ఇందుకే.

దీనర్థం నిండు సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్‌లో వాసన కాస్త తక్కువే. కానీ వాల్వ్‌లో వాషర్ లేకపోవడం, రెగ్యులేటర్ సరిగా కూర్చోకపోవడం లాంటి లీకులు బయటపడాల్సింది సరిగ్గా కొత్త సిలిండర్ బిగించినప్పుడే!

మరి ఏం చేయాలి?

సిలిండర్ మార్చిన ప్రతిసారీ వాల్వ్ దగ్గర, రెగ్యులేటర్ అతుకు దగ్గర, ట్యూబ్ రెండు చివర్లా సబ్బు నురగ రాయండి. బుడగలు ఉబ్బితే లీక్ ఉన్నట్టే. అగ్గిపుల్ల వెలిగించి చూడటం మాత్రం వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లకు వాసన తెలుస్తోందో లేదో ఓసారి చూడండి. కళ్లు మూయించి కాఫీ పొడి, ఇంగువ, కర్పూరం దగ్గర పెట్టి ఏమిటో చెప్పమనండి. ఇది డాక్టర్ పరీక్షకు సమానం కాదు. ఒక్కటీ చెప్పలేకపోతే మాత్రం ఆ ముక్కును నమ్ముకోకూడదని అర్థం. అలాంటి ఇంట్లో గ్యాస్ డిటెక్టర్ పెట్టుకోవడం మేలు. ఎల్పీజీ కిందికి దిగుతుంది కాబట్టి దాన్ని నేలకు దగ్గరగా బిగించాలి, పైకప్పు దగ్గర కాదు.

కాస్త వాసన వచ్చినా రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరవండి. లైటు, ఫ్యాను స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు. బయటికి వచ్చాకే ఎల్పీజీ లీక్ హెల్ప్‌లైన్ 1906కు ఫోన్ చేయండి. ఒకరికి వాసన వచ్చి, మరొకరికి రాకపోతే.. వచ్చినవాళ్ల మాటే నమ్మండి.